పూతరేకుల వీడియో: 48 సెకన్లకు 40 రోజుల లెక్క

మా కొట్టు రావులపాలెంలో హైవే పక్కన ఉంది. నాన్న పెట్టిన కొట్టు. రేకులు మేం చెయ్యం. ఆత్రేయపురంలో మూడిళ్ళ నుంచి వస్తాయి, ఇక్కడ నెయ్యి, బెల్లం, జీడిపప్పు వేసి చుడతాం. ఇంట్లో తీసిన ఒక వీడియోతో పార్శిల్ అమ్మకం మొదలుపెట్టాలనుకునే మిఠాయి కొట్టువాళ్ళ కోసం ఇది రాసి పెడుతున్నాను. ఎందుకు తియ్యాలనుకున్నామో, ఎంత సంబరపడ్డామో వదిలేస్తున్నాను. అందరికీ ఉండేదే.

మొదలుపెట్టేనాటికి లెక్క ఇది. మూడిళ్ళ నుంచి రోజుకు 800 రేకులు వచ్చేవి. ఒక్కో పూతరేకుకు రెండు రేకులు, చిరిగినవాటితో కలిపి పది పూతరేకుల పెట్టెకు 22 రేకులు పడతాయి. కౌంటర్ మీద రోజుకు 25 పెట్టెలు పోతాయి కాబట్టి 550 రేకులు అక్కడికే అయిపోతాయి. మిగిలిన 250తో పదకొండు పెట్టెలు వస్తాయి. ఈ పదకొండు అనే అంకె వీడియో తీసేముందు ఒక్కసారైనా వేసి చూసుకోవాల్సింది. చూసుకోలేదు.

దశ 1: షూటింగ్ (రోజు 1 నుంచి 4)

మూడు పూటలు తీశాం. మొదటి రెండూ పనికిరాలేదు.

రేకులు తీసేది మాకు వరసకు పిన్ని. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టల మంట, పక్కన పాలలా పలచగా రుబ్బిన బియ్యం పిండి. గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. సుర్రుమని రేకు లేస్తుంది. మొత్తం మూడు సెకన్ల పని. ఫోను మంటను చూసి వెలుగు తగ్గించేసుకోవడంతో పిన్ని చెయ్యి నల్లగా పడింది, రేకు అసలు కనబడలేదు. రెండోపూట పొగకు ఎదురుగా నిలబడ్డాం. లెన్సు మసకబారింది, నాకు కళ్ళమ్మట నీళ్ళు.

మూడోపూట మా మేనల్లుడు ఇలా మార్చాడు:

1. మంట ఫ్రేములో పడకుండా కుండ పైభాగం మాత్రమే పట్టాడు.
2. ఫోను తెర మీద కుండ ఉన్నచోట వేలితో నొక్కి పట్టి వెలుగు లాక్ చేశాడు.
3. గాలి ఎటునుంచి వస్తోందో చూసి అటువైపు నిలబడ్డాడు.
4. పక్కింటి టీవీ ఆపించి, కుండ చప్పుడు విడిగా రికార్డు చేశాడు.

చివరి మూడు సెకన్లు మాత్రం కొట్లో తీశాం. చుట్టడానికి పరిచిన రేకు మీద మా ఆవిడ కరిగిన నెయ్యి ధారగా పోస్తుంది. నేనేమో పక్కన నిలబడి "ఎక్కడికైనా పంపిస్తాం, ఆయ్" అంటాను. ఆ ధార, ఆ మాట. మిగతా డైరీ అంతా ఈ రెంటి గురించే.

మొదట మూడు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది, 48 సెకన్లకు కోశాం. ఖర్చు: మేనల్లుడి బండికి పెట్రోలు 200, పిన్నికి ఆ పూట పని పోయినందుకు 500.

*ఇప్పటికి ఖర్చు: ₹700. ఆర్డర్లు: 0.*

దశ 2: ఆర్డర్లు (రోజు 9 నుంచి 13)

మొదటి ఐదు రోజులు చుట్టాలే చూశారు. తొమ్మిదో రోజు సాయంత్రం ఎవరో హైదరాబాదులో ఒక అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారట. ఆ రాత్రి పదకొండింటిదాకా ఫోను మోగుతూనే ఉంది. వీడియోలో ఇచ్చింది నా సొంత నంబరు. పాలవాడు చేసినా ఎత్తలేకపోయాను.

నాలుగు రోజుల్లో 94 ఆర్డర్లు, 186 పెట్టెలు. ధర వీడియోలో లేదు కాబట్టి ప్రతివాళ్ళకూ అదే సమాధానం టైపు చెయ్యాలి: పెట్టె 250, కొరియర్ 100. ధర విని 31 మంది తర్వాత చూద్దామన్నారు. ఇద్దరు డబ్బు వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపారు గానీ మా ఖాతాలో పడలేదు. అప్పట్నుంచి స్క్రీన్‌షాట్ చూసి పుస్తకంలో రాయడం మానేశాం. బ్యాంకు యాప్‌లో పడిందని మా ఆవిడ చెప్తేనే పేరు ఎక్కుతుంది.

డబ్బు నిజంగా పడినవి 61 ఆర్డర్లు, ఒక్కోదానికి రెండేసి పెట్టెలు. 122 పెట్టెలకు ₹30,500, కొరియర్ కింద ₹6,100.

రోజుకు పదకొండు చొప్పున 122 పెట్టెలంటే పదకొండు రోజులు పైనే. మేం మాత్రం అందరికీ "రెండు మూడు రోజుల్లో" అని చెప్పి ఉన్నాం. పదమూడో రోజున మేనల్లుడిచేత వీడియో కింద "ప్రస్తుతానికి ఆర్డర్లు ఆపాం" అని రాయించాను. వాడికి అది అస్సలు నచ్చలేదు.

రాష్ట్రం దాటి పంపాల్సినవి తొమ్మిది, బెంగళూరు, చెన్నై. మాకు జీఎస్టీ ముందే ఉంది గనక సరిపోయింది. లేనివాళ్ళు ఇది ముందే ఆడిటర్ని అడగండి. అమ్మకం ఎంత చిన్నదైనా సరే, పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కావాలి.

*ఇప్పటికి చేతికొచ్చింది: ₹36,600. పంపింది: 0.*

దశ 3: మొదటి 18 పార్శిళ్ళు (రోజు 14 నుంచి 17)

కౌంటర్ మీద ఇచ్చే పెట్టెలనే, రెండేసి చొప్పున, ఇంట్లో ఉన్న పెద్ద అట్టపెట్టెల్లో పెట్టి, చుట్టూ పేపర్లు కుక్కి పంపాం.

మొదటి దెబ్బ కొరియర్ ఆఫీసులో తగిలింది. పార్శిల్ కాటా మీద 1 కిలో 200 గ్రాములు తూగింది. బిల్లు 3 కిలోలకు వేశారు. మోసం అనుకుని గొడవపడ్డాను. ఆ కుర్రాడు టేపు తీసి కొలిచి చూపించాడు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది ఒక బరువు, కాటా మీద తూగేది ఒక బరువు. రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. మా అట్టపెట్టె 30 × 25 × 20. అంటే 15,000ను 5,000తో భాగిస్తే 3. పూతరేకులాంటి తేలిక సరుకుకు మనం కొరియర్ ఖర్చు కట్టేది ఎక్కువగా గాలికే.

కిలోకు 70 చొప్పున పార్శిల్‌కు 210. జనం దగ్గర తీసుకున్నది 100.

రెండో దెబ్బ పదహారో రోజు నుంచి. పద్దెనిమిదిలో పదకొండు పార్శిళ్ళకు ఫొటోలొచ్చాయి. పెట్టె తెరిస్తే పొడి. ఒకావిడ రవ్వ అనుకుందట. ఇంకొకాయన ఫిర్యాదు వేరే: "కాగితం తీసేసి లోపలిది తిన్నామండీ. బాగానే ఉంది గానీ, కాగితమే ఎక్కువ ఉంది." చెన్నైలో పుట్టి పెరిగినవాళ్ళట. ఆయనకు ఫోనులో చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. నవ్వుకుంటూనే రాస్తున్నాను గానీ తప్పు మాదే. 48 సెకన్లలో ఎవరూ పూతరేకు కొరికినట్టు లేదు.

ఫొటోలు పంపినవాళ్ళలో ఏడుగురికి పెట్టెల డబ్బు వెనక్కి వేశాం. నలుగురు మళ్ళీ పంపమన్నారు.

*ఇప్పటికి నష్టం: కొరియర్ తేడా ₹1,980, వెనక్కిచ్చింది ₹3,500. మళ్ళీ పంపాల్సినవి 8 పెట్టెలు.*

దశ 4: పెట్టె పరీక్షలు (రోజు 17 నుంచి 22)

కొరియర్‌వాళ్ళను తిట్టుకుంటూ కూర్చుంటే పని జరగదని మా ఆవిడ పెట్టెను నడుమెత్తు నుంచి గచ్చు మీదికి వదిలింది. అక్కణ్ణుంచి అదే పద్ధతి అయింది:

1. పార్శిల్ కట్టి, ఆరు వైపులా ఒక్కోసారి నడుమెత్తు నుంచి వదలాలి.
2. ఒక రాత్రి దాని మీద ఐదు కిలోల పంచదార సంచి పెట్టి ఉంచాలి.
3. తెరిచి, పదింటిలో ఎన్ని విరగకుండా ఉన్నాయో లెక్కపెట్టాలి.

కౌంటర్ పెట్టె, చుట్టూ ఏమీ లేకుండా: 3. పెద్ద అట్టపెట్టె, పేపర్లు కుక్కి: 5. బబుల్ షీటు రెండు చుట్లు: 5. దెబ్బను బయట ఎంత ఆపినా లోపల విరుగుడు తగ్గడం లేదు. రెండు రోజులు ఇక్కడే పోయాయి.

పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే తెలిసింది. లోపల కదులుతున్నాయి. కౌంటర్ పెట్టెలో పైన అంగుళం ఖాళీ ఉంటుంది. చేత్తో ఇంటికి పట్టుకెళ్ళేవాడికి అది లెక్కలోది కాదు. రెండు రోజుల ప్రయాణంలో మాత్రం పూతరేకులు ఒకదాన్నొకటి కొట్టుకుని అరిగిపోతాయి. విడివిడిగా బటర్ పేపర్ చుట్టి, ఐదేసి చొప్పున రెండు వరసలు బిగుతుగా పేర్చి, పై ఖాళీలో మడత పెట్టిన బటర్ పేపర్ వేశాం. వచ్చింది 8.

మిగతా రెండూ ఎందుకు విరుగుతున్నాయో పిన్నే చెప్పింది. చుట్టేముందు రేకును తడిగుడ్డతో అద్ది మెత్తబరుస్తాం కదా, ఆర్డర్ల హడావుడిలో మా కుర్రాళ్ళు ఆ అద్దడం పైపైన కానిచ్చేస్తున్నారు. మడత దగ్గర చుట్టేటప్పుడే సన్నటి పగులు పడుతోంది. కౌంటర్ మీద తెలీదు, దారిలో అక్కడే విరుగుతుంది. పూతరేకును వెలుగుకు పట్టి మడత అంచు చూస్తే తెల్లటి గీతలా కనబడుతుంది. గీత ఉన్నవి పార్శిల్‌కు వద్దు, కౌంటర్‌కు పంపమన్నాను. తర్వాతి పరీక్షలో 9. హైదరాబాదులో చెల్లెలింటికి పంపి, తెరవకుండా తిరిగి పంపించమన్నాను. రెండు ప్రయాణాల తర్వాత కూడా 9.

ఇక నెయ్యి. వీడియోలో ధార పోసింది కరిగిన నెయ్యి. అలా చుట్టింది ఆ పూట తింటేనే బాగుంటుంది. పరీక్షకు అలాగే చుట్టి ఉంచితే మూడోరోజుకు బటర్ పేపర్ దాటి పెట్టె అడుగుకు దిగింది. అట్ట మెత్తబడింది, కింది వరస నలిగింది. పార్శిల్‌కు పేరుకున్న నెయ్యి రాయాలి, పూతరేకుకు 7 గ్రాముల బదులు 4 చాలు. బెల్లం పొడి కూడా ముందు పళ్ళెంలో ఆరబెట్టాలి. లేకపోతే తేమ పీల్చి రేకును నానబెట్టేస్తుంది. ముసురు రోజుల్లో మా షెల్ఫు మీద బెల్లంవి పదోరోజుకే కరకర పోగొట్టుకున్నాయి, పంచదారవి పద్నాలుగు దాకా నిలిచాయి. పెట్టె మీద "పది రోజుల్లో తినండి" అని ముద్ర వేయించాం. తయారైన తేదీ, నికర బరువు, గరిష్ఠ ధర, మా చిరునామా, ఫిర్యాదు ఫోను, ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు కూడా అదే చీటీలో వచ్చాయి.

అట్టపెట్టె కొలతకు చేయించాం: 25 × 17 × 11. గుణించి 5000తో భాగిస్తే 0.935. కాటా మీద 970 గ్రాములు. ఎలా చూసినా కిలో లోపే, ₹70. అట్టపెట్టె 22 రూపాయలు. వందలో ఇంకా ఎనిమిది మిగులుతాయి, బటర్ పేపర్‌కు సరి.

*పరీక్షలకు పోయింది: 9 పెట్టెలు. విరిగినవన్నీ మా కొట్టు కుర్రాళ్ళే తిన్నారు. ఇప్పుడు పూతరేకంటే మొహం తిప్పుకుంటున్నారు.*

దశ 5: వాన, రేకు ధర (రోజు 20 నుంచి 25)

పెట్టె కుదిరేసరికి రేకులు ఆగాయి. ముసురు పట్టింది. మట్టలు తడిసి మంట రాక పొగే వస్తోంది. మంట ఒక్కలా లేకపోతే రేకు ఒకచోట మందంగా, ఒకచోట చిల్లులతో లేస్తుంది. రోజుకు 450 దాటలేదు. కౌంటర్‌కే 550 కావాలి. పార్శిల్‌కు సున్నా.

43 ఆర్డర్ల డబ్బు మా దగ్గర ఉంది. అందరికీ ఒకటే మాట పంపాం: వాన వల్ల రేకులు రావడంలేదు, పది రోజులు పడుతుంది, ఆగలేనివాళ్ళకు మొత్తం వెనక్కి వేస్తాం. పన్నెండు మంది వెనక్కి అడిగారు, ₹7,200. మిగతావాళ్ళు ఆగుతామన్నారు. ముందే చెప్పి ఉంటే ఆ పన్నెండు మందిలో కూడా కొందరు ఆగేవారేమో.

ఇరవై మూడో రోజున పిన్ని ఇంటికెళ్ళాను. అరుగు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మా వీడియో చూసి తామూ వీడియో తీసుకుంటామని వచ్చారట. వాళ్ళకు ముందురోజు ఇంకెవరో వచ్చారు. మనిషి ఎదురుగా ఉంటే కుండ దగ్గర చెయ్యి ఆడదని పిన్ని బాధ. ఇంకో కొట్టాయన వందకు నలభై ఎక్కువిస్తానని కబురు కూడా పంపాడు.

"నువ్వు వందకు రెండొందలిస్తున్నావు బాబూ. వాళ్ళంతా నా చెయ్యి చూసి కొంటున్నారు కదా."

బేరమాడడానికే వెళ్ళాను. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. వందకు 240 ఒప్పుకున్నాను, మూడిళ్ళకూ అదే. పెట్టెకు 22 రేకులకు ₹8.80 పెరిగింది. కౌంటర్ ధర అలాగే ఉంచి పార్శిల్ పెట్టెను 260 చేశాను. ముందు డబ్బు కట్టినవాళ్ళకు పాత ధరే.

కుర్రాళ్ళను నేనే బండెక్కించి పంపేశాను.

*ఇంకా పంపాల్సినవి: 31 ఆర్డర్లు, మళ్ళీ పంపాల్సినవి 4. మొత్తం 35 పార్శిళ్ళు, 70 పెట్టెలు.*

దశ 6: బాకీ తీర్చడం (రోజు 26 నుంచి 32)

వాన తెరిపిచ్చింది. రోజుకు పది చొప్పున ఏడు రోజుల్లో 70 పెట్టెలు వెళ్ళాయి. 35 పార్శిళ్ళలో విరిగాయని మూడు ఫొటోలు వచ్చాయి, అందులో ఒకదాంట్లో రెండే విరిగాయి.

అయినా ఆరుగురు అసంతృప్తిగా రాశారు. "వీడియోలో నెయ్యి కారుతోంది, మాకు వచ్చినవి పొడిగా ఉన్నాయి." అబద్ధమేం కాదు. పార్శిల్ పూతరేకును కౌంటర్ పూతరేకుగా చూపించి అమ్మాం.

ముప్ఫయ్యో రోజున ఇంకో రకం ఫోను. విజయవాడ నుంచి ఒకావిడ, "వెయ్యి రూపాయలు వేసి వారమైందండీ" అంది. మా పుస్తకంలో పేరు లేదు. ఆవిడ డబ్బు పంపిన నంబరు మాది కాదు. మా వీడియోనే ఎవరో దించుకుని, కింద తమ నంబరు పెట్టి తిప్పుతున్నారు. మరుసటి రోజుకు అలాంటివారు ముగ్గురయ్యారు. వీడియోలో మా కొట్టు పేరు ఎక్కడా కనబడదు గనక ఎవరైనా తమదని చెప్పుకోవచ్చు. ముగ్గురికీ సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యమని చెప్పాను, దొంగ వీడియో మీద మేమూ రిపోర్టు పెట్టాం. ఆవిడకు మాత్రం ఊరికే ఒక పెట్టె పంపాను. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. తక్కిన ఇద్దరికీ ఎందుకు పంపలేదని అడుగుతుంది.

దశ 7: రెండో వీడియో (రోజు 38)

పాతది తీసేశాం. కొత్తది 40 సెకన్లు. మార్పులు:

1. నెయ్యి ధార లేదు. పేరుకున్న నెయ్యి చెంచా వెనకతో రాస్తున్నట్టు ఉంది.
2. బటర్ పేపర్ విప్పి, పిన్ని మనవరాలు రేకుతో సహా కొరుకుతుంది. ఆ కరకర విడిగా రికార్డు చేశాం.
3. మొదటి సెకను నుంచి చివరిదాకా కొట్టు పేరున్న పెట్టె ఫ్రేములోనే ఉంటుంది. కొత్త సిమ్ నంబరు పెట్టె మీదే అచ్చయింది.
4. ధర, కొరియర్ ఖర్చు తెర మీద.
5. "ఎక్కడికైనా" పోయింది. "రోజుకు పది పెట్టెలే, వరస ప్రకారం" వచ్చింది.
6. పిన్ని చేతులే ఉన్నాయి. ఊరు, ఇల్లు గుర్తుపట్టేలా ఏమీ లేదు. ఆ పూటకు ₹1,000 ఇచ్చాం.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు లోగో పెట్టె మీద వేద్దామన్నాడు మేనల్లుడు. ఆ గుర్తు వాడుకోవాలంటే మన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. అది అయ్యేదాకా వద్దన్నాను.

రెండు రోజులకు 14 ఆర్డర్లు వచ్చాయి, 24 పెట్టెలు. మూడో రోజుకు సగం పంపించేస్తాం. మేనల్లుడికి ఈ వేగం చప్పగా ఉంది.

రోజు 40 నాటికి

పంపినవి 53 పార్శిళ్ళు, 106 పెట్టెలు. వెనక్కిచ్చిన డబ్బు ₹10,700. పెట్రోలు, పిన్ని రెండు పూటల కూలి, అట్టపెట్టెలు, కొరియర్, వెనక్కిచ్చింది, పరీక్షలకు పోయిన తొమ్మిది పెట్టెలు అన్నీ తీసి లెక్కేస్తే, పార్శిళ్ళ మీద మిగిలింది రేకులకు, నెయ్యికి, కుర్రాళ్ళ జీతానికి అటూఇటూగా సరిపోయింది. లాభం అని రాయడానికి పుస్తకంలో గీత గీశాను గానీ కింద అంకె పెట్టలేదు.

పిన్ని కోడలు రెండో కుండ పెట్టుకుంటానంది. కొత్త కుండను నూనెతో కాల్చి అదుపులోకి తేవడానికి కొన్నాళ్ళు పడుతుంది. కుదిరితే రోజుకు 150 రేకులు పెరుగుతాయి, అంటే ఇంకో ఆరు పెట్టెలు. ఈలోగా వాళ్ళ చూరు కింద ఎండు మట్టలు 40 కట్టలు పేర్చి పైన టార్పాలిన్ కట్టాం. ఇంకో ముసురు పడితే అవి ఎన్ని రోజులొస్తాయో అప్పుడు రాస్తాను.